నాన్నది ఎబి, నాది ఓ: ముందు అనుమానించాల్సింది కార్డును

ప్రశ్న: నమస్తే సార్. మాది గుణుపూర్. ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది. రక్తం గ్రూపుల లెక్క వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మా సార్ ఇచ్చింది ఇది. ఒకే రాత్రి ముగ్గురు పిల్లలు పుట్టారు, చేతి పట్టీలు మారిపోయాయి. పిల్లలు ఓ పాజిటివ్, ఎ పాజిటివ్, బి నెగెటివ్. మొదటి జంటలో తల్లి ఎ పాజిటివ్, తండ్రి బి పాజిటివ్. రెండో జంటలో తల్లి ఓ నెగెటివ్, తండ్రి ఎబి నెగెటివ్. మూడో జంటలో తల్లి ఎబి పాజిటివ్, తండ్రి ఓ పాజిటివ్. ఎవరి బిడ్డ ఎవరు? ఇంకో సంగతి. మా నాన్నది ఎబి పాజిటివ్ (రక్తదానం చేసినప్పటి కార్డు), అమ్మది ఓ పాజిటివ్, తమ్ముడిది బి పాజిటివ్. స్కూల్ క్యాంపులో నాకిచ్చిన కార్డులో ఓ పాజిటివ్ అని ఉంది. పుస్తకం ప్రకారం ఇలా జరగదు. ఇంట్లో అడగలేను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు నీ ఇంటి సంగతి చూద్దాం అమ్మా. అది మనసులో తొలుస్తుంటే లెక్క బుర్రకెక్కదు. బరంపురంలో ఒక బ్లడ్ బ్యాంకులో ఇరవై ఆరేళ్లు గ్రూపులు చూసే పనిచేశాను. నాలుగు కార్డుల్లో ఏది తప్పో పందెం కాయమంటే, స్కూల్ క్యాంపులో ఇచ్చిన నీ కార్డు మీదే కాస్తాను. ఊరడింపుకి చెప్పడం లేదు. ఎందుకలా అంటున్నానో తెలిస్తే మీ సార్ ఇచ్చిన లెక్క కూడా సగం తేలిపోతుంది.

పుస్తకం చెప్పింది నిజమే, ఎబి తండ్రికి ఓ బిడ్డ పుట్టదు. కారణం ఇది. ఈ గ్రూపుని నిర్ణయించే జీన్ ఒక్కటే, తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానికి జనంలో మూడు రూపాలున్నాయి: Iᴬ, Iᴮ, i. వీటినే అల్లీళ్లు అంటారు, తెలుగు పుస్తకాల్లో యుగ్మవికల్పాలు అని రాస్తారు. జనంలో మూడున్నా ఒక్కో మనిషి దగ్గర ఉండేవి రెండే, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. బహుళ అల్లీళ్లు అనే మాట దగ్గర చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. ఒకే మనిషిలో మూడూ ఉన్నాయనుకుంటారు. ఊరి సంతలో మూడు రకాల సరుకు ఉండొచ్చు గానీ, నీ సంచీలో పట్టేది రెండే.

మూడింట్లోంచి రెండేసి తీసుకుంటే ఆరు జతలవుతాయి. IᴬIᴬ, Iᴬi ఉన్నవాళ్లు ఎ గ్రూపు. IᴮIᴮ, Iᴮi ఉన్నవాళ్లు బి. IᴬIᴮ ఉంటే ఎబి, ii ఉంటే ఓ. ఆరు జతలు నాలుగు గ్రూపులుగానే కనబడతాయి కాబట్టి ఎ అనో బి అనో చూడగానే లోపల i దాక్కుందో లేదో చెప్పలేం. ఎబి, ఓ మాత్రం దాపరికం లేనివి, చూడగానే జత తెలిసిపోతుంది. లెక్కల్లో వీటినే ముందు పట్టుకోవాలని నేను చెప్పేది అందుకే.

ఇంతకీ ఈ అల్లీళ్లు చేసే పనేమిటి? ఎర్ర రక్తకణం పైన హెచ్ అనే చక్కెర గొలుసు ఒకటి ఉంటుంది. Iᴬ తయారుచేసే ఎంజైమ్ ఆ గొలుసు చివర ఒక రకం చక్కెరని అతికిస్తుంది. Iᴮ ఎంజైమ్ ఇంకో రకాన్ని అతికిస్తుంది. రెండూ ఉన్న మనిషిలో రెండు పనులూ జరుగుతాయి, ఒకటి రెండోదాన్ని అణచదు. సహ బహిర్గతత్వం అంటే అదే. i లో మాత్రం మామూలుగా ఒక్క అక్షరం జారిపోయి ఉంటుంది, 261వ స్థానంలో ఒక G లేదు. దాంతో అక్కణ్నుంచి చదవడమంతా తప్పిపోయి పనిచేసే ఎంజైమ్ తయారే కాదు. గొలుసు బోసిగా ఉండిపోతుంది. ఓ గ్రూపు అంటే కణం మీద ఓ అనే పదార్థం ఉందని కాదు, ఎ చక్కెరా బి చక్కెరా రెండూ లేవని. ఈ మాట గుర్తుంచుకో. నీ కార్డు కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

మీ నాన్న IᴬIᴮ అయితే ఆయన ఇవ్వగలిగింది Iᴬ లేదా Iᴮ. ఏదిచ్చినా నీ కణాల మీద ఒక చక్కెర కనబడాలి. ఇక్కడ నువ్వు గమనించని సంగతి ఒకటుంది. ఈ చిక్కులో అమ్మ కార్డుకి పనే లేదు. అమ్మ ఎ అయినా బి అయినా, ఎబి తండ్రికి ఓ బిడ్డ రాదు. అంటే అమ్మ కార్డు తప్పని తేలినా చిక్కు వీడదు. తేడా ఉంటే నాన్న కార్డులో ఉండాలి, లేదా నీ కార్డులో.

ఒకప్పుడు పండితులు కూడా ఇక్కడే పొరబడ్డారు. గ్రూపుల్ని కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించాడు. అవి వంశపారంపర్యంగా వస్తాయని 1910లో ఫాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అనే ఇద్దరు చూపించారు. అయితే వాళ్లు ఎ కి ఒక జీన్, బి కి వేరే జీన్ అనుకున్నారు. వాళ్ల లెక్క ప్రకారం ఎబి మనిషి AaBb కావచ్చు, ఓ మనిషి aabb. అలాంటి జంటకి ఎ, బి, ఎబి, ఓ నాలుగూ పుడతారు. అంటే వాళ్ల సిద్ధాంతంలో మీ కుటుంబానికి ఏ లోటూ లేదు! 1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అనే గణిత పండితుడు దాన్ని కొట్టేశాడు. ఆయన పట్టుకున్నది జనాభా అంకెల్ని.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా గ్రామంతో చూపిస్తాను. వందమందిలో ఎ 22, బి 33, ఎబి 7, ఓ 38 అనుకో. మన దేశంలో కనబడే తీరు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఎ చక్కెర ఉన్నవాళ్లు 29 మంది, బి చక్కెర ఉన్నవాళ్లు 40 మంది. రెండూ సంబంధం లేని వేర్వేరు జీన్లయితే ఎబి వాళ్లు 0.29 × 0.40, అంటే దాదాపు 12 మంది ఉండాలి. ఉన్నది ఏడుగురే. ఇప్పుడు ఒకే జీన్‌కి మూడు అల్లీళ్లనుకుని చెయ్యి. ఓ వాళ్లు 0.38, దాని వర్గమూలం 0.616, అది i వాటా. అదే పద్ధతిలో Iᴬ వాటా సుమారు 0.158, Iᴮ వాటా సుమారు 0.226 వస్తాయి. ఎబి అంటే 2 × 0.158 × 0.226, దాదాపు ఏడు. సరిగ్గా ఊళ్లో ఉన్నంత. ఎబి, ఓ జంటకి పుట్టేది ఎ లేదా బి మాత్రమేనని ఇవాళ నువ్వు చదివే వాక్యం ఈ లెక్కలోంచి వచ్చిందే.

ఇక ఆర్‌హెచ్. ఇది తేలిక. లెక్కల వరకూ రెండే అల్లీళ్లు: D, d. ఒక్క D ఉన్నా పాజిటివ్, dd అయితేనే నెగెటివ్. ఈ జీన్ ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఎబిఓ తో దానికి పొత్తు లేదు, రెండింటినీ విడివిడిగా చూసి తర్వాత కలుపుకోవచ్చు. ఆర్‌హెచ్‌తో కొట్టేయగలిగే సందర్భం ఒక్కటే: అమ్మా నాన్నా ఇద్దరూ నెగెటివ్ అయితే పాజిటివ్ బిడ్డ రాదు. దీన్ని తిరగేసి, ఇద్దరూ పాజిటివ్ అయితే నెగెటివ్ బిడ్డ రాదని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వస్తుంది. ఇద్దరూ Dd అయితే నాలుగింట ఒక వంతు అవకాశం.

ఇప్పుడు మీ సార్ లెక్క. నువ్వు మొదటి జంట దగ్గర మొదలుపెట్టి ఉంటావు, అక్కడే చిక్కుకుని ఉంటావు. ఎ పాజిటివ్, బి పాజిటివ్ జంటకి ఎవరైనా పుట్టొచ్చు. Iᴬi, Iᴮi అయితే నాలుగు గ్రూపులూ, ఇద్దరూ Dd అయితే పాజిటివూ నెగెటివూ. మొత్తం ఎనిమిది రకాలూ సాధ్యమే. దేన్నీ కాదనలేని జంట దగ్గర మొదలుపెడితే ఏమీ తేలదు. ప్రశ్నలో ఏ వరసలో ఇచ్చారన్నది పట్టించుకోకు. ఎవరికి వీలు తక్కువో వాళ్లని వెతుకు.

పిల్లల్లో ఓ పాజిటివ్ బిడ్డని పట్టుకో. వీడు ii, కాబట్టి అమ్మా నాన్నా ఇద్దరూ చెరొక i ఇచ్చి ఉండాలి. రెండో జంటలో తండ్రి ఎబి, ఆయన దగ్గర i లేదు. మూడో జంటలో తల్లి ఎబి, ఆమె దగ్గరా లేదు. మిగిలింది మొదటి జంట. ఓ పాజిటివ్ బిడ్డ వాళ్లదే. ఊరికే వచ్చినట్టు ఇంకో సంగతి కూడా తెలిసింది: ఆ తల్లి కచ్చితంగా Iᴬi, ఆ తండ్రి కచ్చితంగా Iᴮi.

తర్వాత ఎ పాజిటివ్ బిడ్డ. ఎబిఓ ఒక్కటే చూస్తే రెండో జంటకీ పుట్టొచ్చు, మూడో జంటకీ పుట్టొచ్చు, ఎందుకంటే రెండూ ఎబి, ఓ జంటలే. ఆర్‌హెచ్ ఇవ్వడం ఇందుకే. రెండో జంట ఇద్దరూ నెగెటివ్, ఇద్దరూ dd. బిడ్డకి D ఎక్కణ్నుంచి వస్తుంది? రాదు. కాబట్టి ఈ బిడ్డ మూడో జంటది. మిగిలిన బి నెగెటివ్ బిడ్డ రెండో జంటది. చివర్లో ఒకసారి సరిచూసుకో: తండ్రి Iᴮ ఇచ్చాడు, తల్లి i ఇచ్చింది, ఇద్దరూ d ఇచ్చారు. సరిపోయింది.

ఒక తప్పు గురించి చెప్పాలి. బి నెగెటివ్ బిడ్డతో మొదలుపెట్టి, నెగెటివ్ కాబట్టి నెగెటివ్ జంటదే అని రాసేస్తారు కొందరు. జవాబు సరిపోతుంది, దారి తప్పు. ఆ బిడ్డ మొదటి జంటకీ మూడో జంటకీ కూడా పుట్టగలదు. మిగతా ఇద్దరికీ చోటు తేలాకే వీడు రెండో జంటకి దక్కాడు. నేను దిద్దితే దానికి సగం మార్కులే వేస్తాను.

తండ్రి ఎవరని అడిగే లెక్కల్లో కూడా చెయ్యాల్సింది ఇదే, కాకపోతే ముందు తల్లి వాటా తీసేయాలి. తల్లి ఓ నెగెటివ్, బిడ్డ ఎ పాజిటివ్ అనుకో. తల్లి ఇవ్వగలిగింది i, d మాత్రమే. అవి తీసేస్తే మిగిలినవి Iᴬ, D. ఆ రెండూ తండ్రి నుంచే రావాలి. ఇక అనుమానితుల్లో ఎ నెగెటివ్ వాడు D లేక పోతాడు, బి పాజిటివ్ వాడూ ఓ పాజిటివ్ వాడూ Iᴬ లేక పోతారు, ఎబి పాజిటివ్ వాడు మిగులుతాడు. మిగిలాడంటే తండ్రి అని కాదు. ఊళ్లో ఉన్న ప్రతి ఎ పాజిటివ్, ప్రతి ఎబి పాజిటివ్ మగవాడూ అలాగే మిగులుతాడు. కాబట్టి జవాబులో "ఇతడే తండ్రి" అని రాయకు, "ఇతణ్ని కాదనలేం" అని రాయి. తల్లి ఎ, బిడ్డ ఎ అయితే ఇంకా చప్పన, బిడ్డ Iᴬ తల్లిదే కావచ్చు కాబట్టి తండ్రి ఏ గ్రూపు వాడైనా కావచ్చు, ఎవరినీ కొట్టేయలేం.

ఇప్పుడు నీ కార్డు దగ్గరకి వద్దాం. కొట్టేయడం రెండు రకాలు, పుస్తకాల్లో రెండింటినీ ఒకే గాట కట్టేస్తారు. ఒకటి, బిడ్డలో ఉన్నది తల్లిదండ్రులిద్దరిలోనూ లేకపోవడం, ఇద్దరు నెగెటివ్‌లకి పాజిటివ్ బిడ్డలాంటిది. రెండోది, తల్లిదండ్రుల నుంచి తప్పక రావాల్సింది బిడ్డలో కనబడకపోవడం. నీది రెండో రకం. మొదటి రకంలో బిడ్డ రక్తంలో ఒక వస్తువు కంటికి కనబడింది. రెండో రకంలో మొత్తం తీర్పు ఒక 'కనబడలేదు' మీద నిలబడింది. నా అనుభవంలో కనబడినదాని కంటే కనబడనిదే ఎక్కువ మోసం చేస్తుంది.

క్యాంపులో ఏం చేస్తారో చూశావు కదా. తెల్ల పింగాణీ పలక మీద మూడు చుక్కలు: నీలం రంగుది యాంటీ-ఎ, పసుపుది యాంటీ-బి, రంగులేనిది యాంటీ-డి. ఒక్కో చుక్క పక్కన నీ వేలి రక్తం ఒక చుక్క, పుల్లతో కలిపి పలకని అటూ ఇటూ ఆడిస్తారు. ఆ చక్కెర ఉంటే రక్తం పాలు విరిగినట్టు విరిగి, ఎర్రటి రవ్వలా ముద్దకడుతుంది. లేకపోతే నున్నగా ఉండిపోతుంది. నీలం, పసుపు రెండు చుక్కల్లోనూ ఏమీ జరగకపోతే ఓ అని రాస్తారు. అంటే ఓ రావడానికి నువ్వు నిజంగా ఓ అయి ఉండక్కర్లేదు. నీలం సీసాలోని సీరం పాడైపోయినా చాలు. ఆ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ఐస్ కరిగిపోయిన డబ్బాలో పొద్దుట్నుంచి ఉంటే దాని పదును తగ్గుతుంది. రక్తం మరీ ఎక్కువ పడ్డా, సరిగ్గా కలపకపోయినా, ఎదురుగా రెండొందల మంది పిల్లలు వరసలో ఉన్నారని తొందరపడి చూసినా ముద్ద కనబడకపోవచ్చు. ఇవన్నీ ఒకే వైపు తోస్తాయి, ఎ ని ఓ గా, బి ని ఓ గా.

ఉల్టా తప్పు కూడా ఉంది, అది నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయగడ వైపు ఒక శిబిరానికి వెళ్లాం. నెత్తిమీద ఫ్యాను. రెండు నిమిషాల్లోపు చూసి రాయాల్సిన పలకని, టీ వచ్చిందని పక్కన పెట్టి ఐదు నిమిషాల తర్వాత చూశాను. అంచుల్లో రక్తం ఎండి పొట్టులా లేచింది. దాన్ని ముద్ద అనుకుని బి మనిషికి ఎబి అని రాశాను. మా సీనియర్ పలక చూసి, వేలితో ఆ అంచు గీకి, "ఇది ముద్దా, ఎండిన మరకా?" అన్నారు. ఆ కార్డు చింపేసి మళ్లీ చేశాం. మీ నాన్న కార్డులో ఇలాంటి తప్పు ఉండి ఆయన నిజానికి Iᴮi అయితే, నువ్వు ఓ కావడంలోనూ తమ్ముడు బి కావడంలోనూ వింతేమీ లేదు. కాకపోతే ఆయన కార్డు రక్తదానంలో వచ్చిందన్నావు. అక్కడ పలక మీద చూసి వదిలేయరు, సంచీలోని రక్తాన్ని మళ్లీ ట్యూబులో రెండు వైపుల నుంచీ చూస్తారు. అందుకే నా పందెం నీ కార్డు మీద.

రెండు వైపులంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే నీకు కావాల్సిన పరీక్ష అదే. మొదటి వైపు నీ కణాలకి తెలిసిన సీరం కలపడం, పలక మీద చేసిందే. రెండో వైపు నీ సీరానికి తెలిసిన కణాలు కలపడం. దీన్ని రివర్స్ గ్రూపింగ్ అంటారు. మన కణాల మీద లేని చక్కెరకి వ్యతిరేకంగా మన సీరంలో యాంటీబాడీలు ఉంటాయి. నిజమైన ఓ మనిషి సీరం ఎ కణాల్నీ బి కణాల్నీ రెండింటినీ ముద్దకట్టిస్తుంది. నువ్వు నిజానికి ఎ అయి, పాడైన సీరం వల్ల ఓ అని రాసి ఉంటే, నీ సీరం బి కణాల్ని మాత్రమే ముద్దకట్టిస్తుంది, ఎ కణాల్ని ముట్టుకోదు. రెండు వైపులా లెక్క కుదరకపోతే ఫలితం ఇవ్వరు, మళ్లీ చేస్తారు. ఈ అడ్డుకట్ట నీ క్యాంపు పలకకి లేదు. పుట్టిన పిల్లలకి కూడా ఇది పనిచేయదు, ఎందుకంటే సొంత యాంటీబాడీలు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. మీ సార్ లెక్కలోని ముగ్గురు పిల్లల్నీ నిజంగా పరీక్షించాల్సి వస్తే ఒక వైపే చూడగలం.

ఇంకో అనుమానం నీకు రావచ్చు, ఎ లో బలహీనమైన రకాలు ఉంటాయట కదా అని. ఉన్నాయి. A2 అనే ఉపరకం అందులో ఒకటి. దాన్ని A1 నుంచి వేరు చేయడానికి మేం వాడే సీరం దేంతో తయారవుతుందో తెలుసా, ఉలవలతో! మీ ఊళ్లో ఒడియా వాళ్లు కొళథ అంటారే, అవే. ఉలవగింజల సారాన్ని సరిపడా పలచన చేస్తే అది A1 కణాల్ని ముద్దకట్టిస్తుంది, A2 ని వదిలేస్తుంది. A2 తో పాటు B కూడా ఉన్న మనిషిలో ఎ మరీ బలహీనంగా కనబడి, ఎబి మనిషిని బి అని రాసే ప్రమాదం ఉంది. కానీ మీ ఇంట్లో దీని పాత్ర తక్కువ. నాన్నలో B పక్కన పోటీకి ఉండగానే ఎ కనబడింది. అదే అల్లీల్ నీకొస్తే, పక్కన i మాత్రమే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇంకా బాగా కనబడాలి.

ఇక మిగిలింది అరుదైనది. మొదట్లో హెచ్ గొలుసు అన్నాను కదా. అసలు ఆ గొలుసే లేకపోతే? దాన్ని తయారుచేసే జీన్ వేరే ఉంది, పందొమ్మిదో క్రోమోజోమ్ మీద. అందులో hh అయిన మనిషికి Iᴬ ఉన్నా Iᴮ ఉన్నా చక్కెర అతికించడానికి చోటే లేదు. పలక మీద ఓ లాగే కనబడతాడు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం దీన్ని బయటపెట్టింది కాబట్టి బాంబే గ్రూపు అంటారు. మన ఒడిశాలో కుటియా కోంధుల్లో కూడా ఇది ఉన్నట్టు నమోదైంది. నీకిదే ఉంటే నాన్న Hh అయి ఉండాలి, అమ్మ దగ్గర కూడా కనీసం ఒక h ఉండాలి. అప్పుడు నాన్న నీకు Iᴬ నో Iᴮ నో ఇచ్చే ఉంటాడు, అది కనబడదంతే. మేనరికం ఇళ్లల్లో ఒకే h రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. దీన్ని పట్టేది కూడా రివర్స్ గ్రూపింగే. మామూలు ఓ మనిషి సీరం ఓ కణాల్ని ఏమీ చేయదు. బాంబే మనిషి సీరం ఓ కణాల్ని కూడా గట్టిగా ముద్దకట్టిస్తుంది. (ఒకే క్రోమోజోమ్ మీద ఎ, బి రెండు పనులూ చేసే సిస్-ఎబి అనేది కూడా ఉంది. అలాంటి తండ్రికి ఓ బిడ్డ పుట్టగలదు. అది చాలా చాలా అరుదు, నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.) పరీక్షలో లెక్క చేసేటప్పుడు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టు. ప్రశ్నలో H మాట ఎత్తితే తప్ప మూడు అల్లీళ్లతోనే చెయ్యాలి.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. దగ్గర్లో బ్లడ్ బ్యాంకు ఉన్న ఆసుపత్రికి వెళ్లు. కాలేజీ ఫారానికి గ్రూపు కావాలి, క్యాంపు కార్డు మీద నమ్మకం లేదు, ట్యూబు పద్ధతిలో రివర్స్‌తో సహా చూడండి అని చెప్పు. ఇలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, మాకు రోజూ వచ్చేవాళ్లే. వేలి చుక్క చాలదు, చేతి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్లు తీస్తారు. ట్యూబు మీద నీ పేరు నీ కళ్లెదుటే రాయించుకో. పరీక్ష బాగా చేసి పేరు మార్చి రాసిన కార్డులూ నేను చూశాను.

ఎ అనో బి అనో వస్తే కథ అక్కడితో అయిపోయింది, పాత కార్డు చింపెయ్. రెండు వైపులా శుభ్రంగా ఓ అనే వస్తే, అప్పుడు నాన్న గ్రూపు కూడా తాజాగా మళ్లీ చూడాలి. ఆయన ఎలాగూ రక్తం ఇస్తుంటారు కాబట్టి ఈసారి ఇచ్చినప్పుడు కొత్త కార్డు అడిగి తెచ్చుకుంటే చాలు. అదీ ఎబి అనే వస్తే రెండు కాగితాలూ ఇక్కడ పెట్టు, తర్వాత ఏం చూడాలో చెప్తాను. అంతవరకూ ఏ తీర్మానానికీ రావద్దు. ఒకవేళ ఓ కణాలు కూడా ముద్దకట్టాయని చెబితే మాత్రం యాంటీ-హెచ్‌తో కూడా చూడమని అడుగు, ఆ కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకో. బాంబే మనిషికి మామూలు ఓ రక్తం ఎక్కించకూడదు, మరో బాంబే మనిషి రక్తమే కావాలి. ఆ సంగతి ఆపరేషన్ బల్ల మీద కాకుండా ముందే తెలిసి ఉండాలి.